ఒక్క మార్పుల రిజిస్టర్‌తో ఐదు లెవెళ్లు: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మెచ్యూరిటీ మోడల్స్ మీద ఎస్సే ఎలా రాయాలి

"సంస్థలు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సామర్థ్యంలో ఎలా ఎదుగుతాయో మెచ్యూరిటీ మోడల్స్ ఆధారంగా చర్చించండి" అని ప్రశ్న ఇస్తే, చేతికొచ్చే ఎస్సేలు చాలావరకు ఒకే పోతలో ఉంటాయి. నాలుగైదు మోడళ్ల, అంటే సంస్థ పని పద్ధతులు ఎంత పరిణతి చెందాయో కొలిచే చట్రాల పేర్లు, ఒక్కోదానికి ఒక పేరా, ప్రతి పేరాలో ఐదు లెవెళ్ల పేర్లు, చివర "కాబట్టి సంస్థలు మెచ్యూరిటీ పెంచుకోవాలి" అని ఒక వాక్యం. నేను కొన్నేళ్లు ప్రాజెక్ట్ ఆఫీసులో పనిచేసి, ఆ తర్వాత ఇలాంటి ఎస్సేలు దిద్దుతూ వచ్చాను. వీటికి మార్కులు తగ్గడానికి కారణం తప్పులు రాయడం కాదు. ప్రశ్నలో ఉన్న "ఎలా ఎదుగుతాయి" అన్న మాటకు ఎక్కడా జవాబు దొరకదు. మెట్ల పేర్లన్నీ ఉంటాయి గానీ, ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకి కాలు ఎలా పడుతుందో ఉండదు.

అందుకే ఈ గైడ్‌లో ఒకే పద్ధతి చెబుతాను. ఒక మామూలు కాగితాన్ని, అంటే ప్రాజెక్టులో క్లయింట్ అడిగిన మార్పులు రాసుకునే రిజిస్టర్‌ని పట్టుకుని, అది ఒకటో లెవెల్ నుంచి ఐదో లెవెల్ దాకా ఎలా మారుతుందో చూపించడం. మీ ఎస్సేలో మీరు ఇంకో కాగితం ఎంచుకోవచ్చు, రిస్క్ రిజిస్టర్ కావచ్చు, అంచనాల షీట్ కావచ్చు. కానీ ఒక్కటే ఎంచుకోండి.

మొదటి అడుగు: ఒక మోడల్‌ని ప్రధానంగా, ఇంకోదాన్ని పోలికకి తీసుకోండి

రెండు వేల పదాల ఎస్సేలో ఐదు మోడళ్లు పట్టవు. ఒకటి లోతుగా, ఇంకొకటి దానికి ఎదురుగా పెడితే చాలు.

ప్రధానంగా కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్, అంటే సీఎంఎం, దాని తర్వాత వచ్చిన సీఎంఎంఐ తీసుకోమని నా సలహా. అవి సాఫ్ట్‌వేర్ రంగంలో పుట్టినవే అయినా, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మెచ్యూరిటీ మోడళ్లలో చాలావాటికి ఐదు లెవెళ్ల చట్రం అక్కడినుంచే వచ్చింది. దాని పుట్టుక కథ కూడా మీ వాదనకి పనికొస్తుంది. అమెరికా రక్షణ శాఖ తన సాఫ్ట్‌వేర్ పనులు బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చేది. ఎవరికిస్తే పని పూర్తవుతుందో ముందే తేల్చుకునే మార్గం కావాల్సి వచ్చింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ బృందం 1987లో మొదటి చట్రం బయటపెట్టింది. 1991లో సీఎంఎం మొదటి వెర్షన్, 1993లో 1.1 వెర్షన్ వచ్చాయి. అంతకుముందే, 1979లో, ఫిలిప్ క్రాస్బీ నాణ్యత నిర్వహణకు ఐదు దశల పట్టిక ఒకటి ఇచ్చి ఉన్నారు. మెట్లు మెట్లుగా ఎదగడం అన్న ఆలోచనకు మూలం అది.

ఇక్కడ ఆగి ఒక మాట రాయండి: ఈ మోడల్ మొదట పని అప్పగించేవాడి చేతిలోని కొలబద్ద. బయటివాడు వచ్చి చూసి నమ్మాలి కాబట్టి ప్రతిదానికీ రుజువు అడుగుతుంది. అదే దాని బలం. సర్టిఫికెట్ కోసం కాగితాలు తయారుచేసే రోగం కూడా అక్కడినుంచే మొదలైంది. చరిత్రని ఇలా కారణంగా వాడితే మార్కులొస్తాయి. తేదీల జాబితాగా పెడితే రావు.

పోలికకి ఓపీఎం3, అంటే ఆర్గనైజేషనల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మెచ్యూరిటీ మోడల్ బాగుంటుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని 2003లో తెచ్చింది. అందులో సంస్థ మొత్తానికి ఒకటి నుంచి ఐదు అని ముద్ర వేసే లెవెళ్లు లేవు. ప్రాజెక్ట్, ప్రోగ్రామ్, పోర్ట్‌ఫోలియో అనే మూడు పరిధుల్లో ప్రతి ప్రక్రియనీ ప్రామాణికం చేయడం, కొలవడం, నియంత్రించడం, మెరుగుపరచడం అనే నాలుగు దశల్లో చూస్తుంది. అంటే మెట్ల వరస తప్పనిసరా అన్న ప్రశ్నకి మీ చేతిలో ఒక ఎదురు ఉదాహరణ ఉన్నట్టే. కెర్జ్‌నర్ మోడల్, పీ3ఎం3 లాంటివి ఒక్కో వాక్యంలో ప్రస్తావించి వదిలేయండి.

రెండో అడుగు: సామర్థ్యం, మెచ్యూరిటీ అనే రెండు మాటల్ని విడదీయండి

ఈ రెంటినీ కలిపేస్తే ఎస్సే మొత్తం తడబడుతుంది. సీఎంఎంఐలో సామర్థ్యం ఒక్కో ప్రక్రియ ప్రాంతానికి సంబంధించింది. మార్పుల నియంత్రణ ఏ స్థాయిలో ఉంది, అంచనాలు వేయడం ఏ స్థాయిలో ఉంది అని విడివిడిగా చెప్పొచ్చు. మెచ్యూరిటీ అలా కాదు, ఒక కట్టగా ఉన్న ప్రక్రియలన్నింటికీ కలిపి ఇచ్చే ఒకే అంకె. 2010లో వచ్చిన 1.3 వెర్షన్‌లో, డెవలప్‌మెంట్ మోడల్ ప్రకారం రెండో లెవెల్‌కి 7 ప్రక్రియ ప్రాంతాలు, మూడో లెవెల్‌కి ఇంకో 11 ఉన్నాయి. మూడో లెవెల్ అనిపించుకోవాలంటే సంస్థకు వర్తించేవన్నీ నెరవేరాలి. ఒక్కటి తప్పినా మూడో లెవెల్ రాదు.

దీని ఫలితం మీరు ఉదాహరణతో చూపించాలి, అది కాసేపట్లో వస్తుంది. ప్రస్తుతానికి నిర్వచనం రెండు వాక్యాల్లో తేల్చేయండి. నిర్వచనాలకే సగం పేజీ ఖర్చుచేస్తే, అసలు విషయానికి చోటు మిగలదు.

మూడో అడుగు: ఒక సంస్థని ఊహించుకుని, రుజువులు ఏరండి

మీ సొంత ఉద్యోగ అనుభవం ఉంటే అది వాడండి. లేకపోతే ఊహా సంస్థ అని స్పష్టంగా చెప్పి మొదలుపెట్టండి. నేనిక్కడ ఊహించేది ఇది: ఒక మధ్యస్థాయి సంస్థ, ఒకే సమయంలో 9 ప్రాజెక్టులు నడుస్తున్నాయి. ఒక్కో ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఒక్కో పద్ధతి. మనం మూడు ప్రాజెక్టులు తీసుకుని అందరినీ ఒకటే అడుగుతాం: "పని మొదలయ్యాక క్లయింట్ అడిగిన మార్పులు ఎక్కడ రాసుకున్నారు? చూపించండి."

మొదటి ప్రాజెక్ట్ 26 వారాల్లో అయిపోతుందనుకున్నారు, 34 వారాలు పట్టింది. దీనికి చక్కటి రిజిస్టర్ ఉంది. 14 మార్పులు వరస నంబర్లతో, ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన అన్నీ రాసి ఉన్నాయి. చివర "ప్రభావం" అనే గడి ఉంది. 14 వరసల్లోనూ అందులో ఒకటే మాట: "తక్కువ". ఎనిమిది వారాలంటే 40 పనిదినాలు. 14 మార్పులకు పంచితే ఒక్కోదానికి దాదాపు మూడు రోజులు. విడిగా చూస్తే ప్రతి మార్పూ నిజంగా చిన్నదే. అన్నీ కలిసి రెండు నెలలు తినేశాయి. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ కూడి చూడలేదు అంతే.

రెండో ప్రాజెక్టులో రిజిస్టర్ లేదు, మార్పులన్నీ మెయిళ్లలో ఉన్నాయి. మేనేజర్ ఏది అడిగినా రెండు నిమిషాల్లో వెతికి తీస్తారు. ఆవిడ ప్రాజెక్టులు ఎప్పుడూ టైముకి పూర్తవుతాయి. కానీ ఆవిడ సెలవులో ఉన్న రెండు వారాల్లో, ఒప్పుకున్న మార్పుని ఒప్పుకోలేదనుకుని టీమ్ పక్కన పెట్టేసింది. మూడోది ఐదు వారాల చిన్న ప్రాజెక్ట్. అన్నీ నోటిమాటే, రాత అంటూ లేదు, అనుకున్న రోజుకి పూర్తయింది కూడా.

ఇంకో ప్రశ్న కూడా అడిగాం: "ఇన్ని వారాలని ఎలా లెక్కేశారు?" మూడు ప్రాజెక్టుల్లోనూ అంచనా అంకె ఉంది, దాని వెనక లెక్క మాత్రం ఎక్కడా రాసిలేదు. "అనుభవంతో చెప్పాం" అన్నారు.

ఈ చిన్న ఉదాహరణలో మీ ఎస్సేకి కావాల్సిన సరుకంతా ఉంది. ఇప్పుడు దాన్ని మోడల్ మీద పెట్టి చూడాలి.

నాలుగో అడుగు: లెవెల్ తేల్చండి, ఎందుకో కూడా చెప్పండి

ఈ సంస్థ ఏ లెవెల్? చాలామంది విద్యార్థులు రెండో ప్రాజెక్టుని చూపించి "మంచి ఫలితం మళ్లీ మళ్లీ వస్తోంది, కాబట్టి రెండో లెవెల్" అని రాస్తారు. సీఎంఎంలో రెండో లెవెల్ పేరు "రిపీటబుల్" కావడంతో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. మళ్లీ మళ్లీ రావాల్సింది ఫలితం ఒక్కటే కాదు, ఆ ఫలితాన్నిచ్చే క్రమశిక్షణ. ఇక్కడ ఆ క్రమశిక్షణ ఒక మనిషి తలలో ఉంది, ప్రాజెక్టులో లేదు. మనిషి పక్కకి వెళ్లగానే అదీ వెళ్లిపోయింది. గట్టి మనుషుల కష్టం మీద బండి నడవడం ఒకటో లెవెల్ లక్షణం.

మొదటి ప్రాజెక్టు సంగతి వేరు. మార్పుల విషయంలో అక్కడ రెండో లెవెల్ పద్ధతి కనిపిస్తోంది: రాసుకుంటున్నారు, ఎవరో ఒకరు బాధ్యతగా ఒప్పుకుంటున్నారు, మేనేజర్ మారినా కాగితం ఉంటుంది. ఆ ఒక్క ప్రక్రియ దాకా ఆ ప్రాజెక్టుకి కొంత సామర్థ్యం ఉందనొచ్చు. కానీ అంచనాల సంగతి చూడండి. ప్రాజెక్ట్ ప్లానింగ్ సీఎంఎంఐ 1.3 వెర్షన్‌లో రెండో లెవెల్ ప్రక్రియ ప్రాంతం. అంచనాలను ఆధారంతో నెలకొల్పడం దాని లక్ష్యాల్లో మొదటిది. అది మూడు చోట్లా లేదు. కాబట్టి సంస్థ మొత్తానికి ఇచ్చే అంకె ఒకటే: ఒకటో లెవెల్.

రెండో అడుగులో విడదీసిన మాటలు ఇక్కడ పనికొస్తాయి. ఒకే సంస్థని ప్రక్రియల వారీగా చూస్తే "మార్పుల నియంత్రణ కొంత బాగుంది, అంచనాలు బలహీనం" అని వస్తుంది. మొత్తంగా చూస్తే "ఒకటో లెవెల్" అని వస్తుంది. మొదటి జవాబు ఏం బాగుచేయాలో చెబుతుంది. రెండోది బయటివాడికి ఎంత నమ్మొచ్చో చెబుతుంది. ఎవరికోసం కొలుస్తున్నామన్నదాన్ని బట్టి మోడల్ వాడకం మారుతుందని ఇక్కడ ఒక పేరా రాయండి. విశ్లేషణ అని దిద్దేవాళ్లు వెతికేది దాన్నే.

ఒక హెచ్చరిక. కొందరు ప్రక్రియలకి 3, 2, 1 అని మార్కులు వేసి, సగటు తీసి "రెండో లెవెల్" అంటారు. దశలవారీ మోడల్‌లో అది చెల్లదు. సగటు తీయగానే ఆ ఒకటి కనపడకుండా పోతుంది. ప్రాజెక్ట్ మునిగేది ఆ ఒకటి దగ్గరే.

ఐదో అడుగు: రిజిస్టర్‌ని మెట్లెక్కించండి

ఎస్సేకి ఇది గుండెకాయ. మీ పదాల్లో దాదాపు మూడో వంతు ఇక్కడే పెట్టండి.

రెండో లెవెల్‌కి చేరాలంటే ప్రతి ప్రాజెక్టూ తన మార్పుల్ని రాసుకోవాలి, ఒప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి, ఒప్పుకున్న ప్రతి మార్పుతో ప్లాన్ తేదీ సవరించాలి. మొదటి ప్రాజెక్టులో ఈ చివరిదే జరగలేదు. "ప్రభావం" గడి తీసేసి "ఎన్ని పనిదినాలు" అని పెడితే, నాలుగో మార్పు దగ్గరే అందరికీ విషయం తెలిసేది. అన్ని ప్రాజెక్టుల రిజిస్టర్లు ఒకేలా ఉండాల్సిన అవసరం ఈ దశలో లేదు. ఒకరు షీట్‌లో, ఒకరు పుస్తకంలో రాసుకున్నా పర్వాలేదు. ప్రాజెక్టు స్థాయిలో క్రమశిక్షణ ఉంటే చాలు.

మూడో లెవెల్‌లో సంస్థ రంగంలోకి దిగుతుంది. ఏ ప్రాజెక్టులో ఏది పనిచేసిందో చూసి అందరికీ ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేస్తారు. చాలామంది దీన్ని "అందరికీ ఒకే టెంప్లేట్" అని రాసేసి వదిలేస్తారు. టెంప్లేట్‌తో పాటు ఇంకో మూడు ఉండాలి. ఆ పద్ధతికి సంస్థలో ఒక సొంతదారు ఉండాలి, సందేహం వస్తే అడగడానికి, తప్పుంటే మార్చడానికి. కొత్తగా వచ్చిన మేనేజర్‌కి దాన్ని నేర్పే ఏర్పాటు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రాజెక్టు సైజుని బట్టి పద్ధతిని కత్తిరించుకునే నియమం ఉండాలి. మన ఉదాహరణలో ఐదు వారాల ప్రాజెక్టుకి మూడు గడులు చాలని, ఆరు వారాలు దాటితే పూర్తి రిజిస్టర్ కావాలని రాసిపెట్టొచ్చు. ఈ కత్తిరింపు నియమం లేని మూడో లెవెల్ నిలబడదు. చిన్న ప్రాజెక్టువాళ్లు పని చేసేసి, కాగితాలు చివర్లో ఒకేసారి నింపుతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న వేయండి: నేరుగా మూడో లెవెల్‌కి ఎందుకు వెళ్లకూడదు? పై ఆఫీసులో కూర్చుని మంచి పద్ధతి రాసి అందరికీ పంపితే సరిపోదా? సీఎంఎం లెవెళ్లు దాటవేయవద్దనే అంటుంది, దానికి కారణాలున్నాయి. ఉమ్మడి పద్ధతికి ముడిసరుకు ప్రాజెక్టుల్లో నిజంగా పనిచేసిన అలవాట్లే. అవి లేనప్పుడు రాసే పద్ధతి ఊహ మాత్రమే. రెండో కారణం ఒత్తిడి. డెడ్‌లైన్ దగ్గరపడ్డప్పుడు, ప్రాథమిక క్రమశిక్షణ లేని టీమ్ ముందుగా వదిలేసేది ఆ కొత్త పద్ధతినే.

దీన్ని నేను దగ్గర్నుంచి చూశాను. నేను పనిచేసిన ఒక చోట పై నుంచి ఒక పెద్ద ఫోల్డర్ దిగింది, అందులో ముప్పైకి పైగా టెంప్లేట్లు. నాలుగు నెలల తర్వాత చూస్తే ప్రతి ప్రాజెక్టులోనూ అన్నీ నింపి ఉన్నాయి. ఫైళ్ల తేదీలు చూశాను. మూడొంతులు పరిశీలన బృందం వచ్చే ముందు వారంలో తయారైనవే. మార్పుల రిజిస్టర్లలో మొదటి మార్పుకీ చివరి మార్పుకీ మధ్య మూడు నెలల తేడా ఉండాలి, కానీ అన్నీ ఒకే మధ్యాహ్నం రాసినవి. ఆ టెన్షన్‌లో అందరూ కష్టపడ్డారు, నేను కూడా. ఒక్క ప్రాజెక్టుకీ దానివల్ల ఒక్క రోజు కలిసిరాలేదు. కాగితం మీద మూడో లెవెల్‌కీ నిజమైన మూడో లెవెల్‌కీ తేడా ఎలా కనిపెట్టాలని మీ ఎస్సేలో రాయాల్సి వస్తే, ఈ గుర్తు వాడుకోండి: రాతలు పని జరిగిన రోజున పుట్టాయా, తనిఖీ ముందు రోజున పుట్టాయా?

నాలుగో లెవెల్‌కి వెళ్దాం. మూడో లెవెల్‌లో రెండేళ్లున్న సంస్థ దగ్గర, ఉదాహరణకి, ఇరవై పూర్తయిన ప్రాజెక్టుల రిజిస్టర్లు ఉంటాయి. అన్నీ ఒకే గడులతో. ఇప్పుడు కూడి చూస్తే, మార్పుల వల్ల మొదటి అంచనాకి సాధారణంగా 10 నుంచి 25 శాతం రోజులు కలుస్తున్నాయని తేలిందనుకోండి (ఇది మన ఊహా సంస్థ అంకె, ఎక్కడిదో సర్వే కాదు). కొత్త ప్రాజెక్టులో సగం కాలానికే 20 శాతం దాటితే అది హెచ్చరిక. 12 శాతం ఉంటే మామూలే, కంగారుపడక్కర్లేదు. ఏది సహజమైన ఊగిసలాటో, ఏది నిజంగా ఏదో తేడా కొట్టిందనడానికి గుర్తో అంకెలతో విడదీయగలగడమే నాలుగో లెవెల్.

మూడోదాన్ని వదిలేసి నాలుగో దానికి నేరుగా ఎందుకు పోలేమన్నది ఇక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది. ఒక మేనేజర్ పని డెలివర్ చేసిన రోజుని "పూర్తి" అంటారు. ఇంకొకరు క్లయింట్ సంతకం పెట్టిన రోజుని అంటారు. రెంటికీ మధ్య నెల తేడా రావచ్చు. ఒకరు సెలవు రోజులు కలిపి లెక్కేస్తే, ఇంకొకరు పనిదినాలే లెక్కేస్తారు. ఇలాంటి ఇరవై రికార్డుల సగటు తీస్తే అంకె వస్తుంది, అర్థం రాదు. అందరూ ఒకేలా లెక్కపెట్టడం మూడో లెవెల్ ఇచ్చే బహుమతి. అది లేకుండా డాష్‌బోర్డులు పెట్టిన సంస్థలు చాలా ఉన్నాయి. ఆ అంకెలు మీటింగుల్లో కనపడతాయి గానీ, వాటిని బట్టి ఎవరూ నిర్ణయం తీసుకోరు.

ఐదో లెవెల్‌కి ఒక చిన్న పేరా చాలు. రిజిస్టర్లు తిరగేస్తే మార్పుల్లో ఎక్కువ భాగం క్లయింట్ మొదటిసారి స్క్రీన్ చూసిన వారంలోనే వస్తున్నాయని తేలిందనుకోండి. నమూనా స్క్రీన్లు మూడో వారంలోనే చూపించాలని ఉమ్మడి పద్ధతి మారుస్తారు. ఆ తర్వాతి ప్రాజెక్టుల్లో ఆ 10–25 శాతం నిజంగా కిందికి దిగిందా లేదా అని చూస్తారు. దిగకపోతే మార్పు వెనక్కి తీసుకుంటారు. నాలుగో లెవెల్ కొలత లేకుండా ఈ చివరి పని చేయలేరని ఒక్క వాక్యంలో గుర్తుచేయండి.

ఇలా రాస్తే, ఐదు లెవెళ్ల పేర్లు ఏకరువు పెట్టకుండానే పాఠకుడికి ఐదూ అర్థమవుతాయి. ప్రతి మెట్టూ కింది మెట్టు ఇచ్చిన వస్తువుని వాడుకుంటోంది: రెండోది రాత ఇస్తుంది, మూడోది ఒకే రకం రాత ఇస్తుంది, నాలుగోది దానినుంచి పరిధి తీస్తుంది, ఐదోది ఆ పరిధిని మారుస్తుంది. మీ ఎస్సే వాదన ఈ గొలుసే.

ఆరో అడుగు: మోడల్‌ని నిలదీయండి

"చర్చించండి" అన్నారంటే ఎదురు వాదన కూడా కావాలి. చాలా ఎస్సేల్లో ఇది "ఖర్చు ఎక్కువ, సమయం పడుతుంది" అన్న రెండు ముక్కలతో అయిపోతుంది. అవి ఏ విషయానికైనా అతుకుతాయి. మన ఉదాహరణలోంచే ప్రశ్నలు తీయండి.

రెండో ప్రాజెక్ట్ మేనేజర్‌ని గుర్తుచేసుకోండి. ఏ మార్పుకి సరే అనాలో, దేనికి నవ్వుతూ కాదనాలో ఆవిడకి తెలుసు. ఆవిడ ప్రాజెక్టులు టైముకి అవడానికి అసలు కారణం అదే కావచ్చు. రిజిస్టర్ ఎంత బాగా రూపొందించినా ఆ నేర్పు ఏ గడిలోనూ పట్టదు. జగ్దేవ్, థామస్ అనే పరిశోధకులు 2002లో ఈ కోణంలోనే వాదించారు. మెచ్యూరిటీ మోడళ్లు ఎక్కువగా రాతలో పెట్టగలిగిన జ్ఞానాన్నే పట్టుకుంటాయి. రాతలో ఉన్నదాన్ని పోటీ సంస్థ కూడా తెచ్చుకోగలదు, కాబట్టి నిలబడే ఆధిక్యం దానివల్ల మాత్రమే రాదన్నది వారి వాదన సారాంశం. నా లెక్కలో ఈ విమర్శ సరైనదే. కానీ అది లెవెళ్లు పనికిరావని నిరూపించదు. లెవెళ్లు పోటీలో గెలిపించకపోయినా, ఆవిడ సెలవు పెట్టిన రెండు వారాల్లో ప్రాజెక్ట్ కుంటుపడకుండా కాపాడతాయి. ఈ తేడాని మీ మాటల్లో పెట్టండి.

ఐదు వారాల ప్రాజెక్ట్ ఇంకో ప్రశ్న వేస్తుంది. రాతలేమీ లేకుండా అది బాగానే పూర్తయింది. అలాంటి చిన్న పనులే చేసే సంస్థకి నాలుగో లెవెల్ ఎందుకు? ఒక్కో ప్రాజెక్టూ ఒక్కో రకంగా ఉండే పరిశోధన సంస్థలో, గత ఇరవై ప్రాజెక్టుల పరిధి రేపటి ప్రాజెక్టు గురించి ఏం చెబుతుంది? నాలుగో లెవెల్ గణాంకాలు పనిచేయాలంటే పనులు కొంతవరకైనా ఒకదాన్నొకటి పోలి ఉండాలి. ఇక్కడ ఓపీఎం3ని తీసుకురండి. అందరూ ఎక్కాల్సిన ఒకే మెట్ల దారి బదులు, సంస్థ తన వ్యూహానికి కావాల్సిన ప్రక్రియల్ని ఎంచుకుని మెరుగుపరుచుకోవచ్చని అది అంటుంది. అయినా గమనించండి, ఒక్కో ప్రక్రియ లోపల ప్రామాణికం చేశాకే కొలత, కొలిచాకే నియంత్రణ అన్న వరస దాంట్లోనూ ఉంది. అంటే సంస్థ మొత్తానికి ఒకే మెట్లదారి అన్నది వాదించదగ్గ విషయం. ఒక ప్రక్రియ లోపలి వరసని మాత్రం రెండు మోడళ్లూ ఒప్పుకుంటున్నాయి. నన్నడిగితే ఎస్సేలో మీరు తేల్చి చెప్పగల మంచి నిర్ణయం ఇదే.

మెచ్యూరిటీ పెరిగితే ప్రాజెక్టులు మెరుగవుతాయని రాసేముందు ఒక్క క్షణం ఆగండి. మంచి లెవెల్ ఉన్న సంస్థలకి మంచి ఫలితాలు ఉంటే, ఏది దేనికి కారణం? లాభాల్లో ఉన్న సంస్థకి ప్రక్రియల మీద ఖర్చుపెట్టే తీరిక ఉంటుంది, మంచి మనుషులు కూడా దొరుకుతారు. "కారణమవుతుంది" అని రాయాల్సిన చోట "తోడుగా కనిపిస్తుంది" అని రాస్తే మీ వాక్యం నిలబడుతుంది.

ఏడో అడుగు: పదాలు పంచుకుని, రాసి, సరిచూసుకోండి

రెండు వేల పదాల ఎస్సే అయితే నేనైతే ఇలా పంచుతాను: పరిచయానికి 150, మోడల్ పుట్టుక, నిర్వచనాలకి 350, ఉదాహరణ, లెవెల్ తేల్చడానికి 400, మెట్లెక్కడానికి 600, నిలదీయడానికి 400, ముగింపుకి 100. పరిచయం అన్నిటికన్నా చివర రాయండి. మీ నిర్ణయం ఏంటో అప్పటికి మీకే స్పష్టంగా తెలిసి ఉంటుంది, దాన్ని పరిచయంలోనే చెప్పేయొచ్చు.

లెవెల్ పేర్ల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సీఎంఎంలో రెండోది "రిపీటబుల్", నాలుగోది "మేనేజ్డ్". సీఎంఎంఐకి వచ్చేసరికి రెండోదే "మేనేజ్డ్" అయింది, నాలుగోది "క్వాంటిటేటివ్లీ మేనేజ్డ్". కెర్జ్‌నర్ మోడల్‌లో నాలుగోది బెంచ్‌మార్కింగ్, అది పూర్తిగా వేరే సంగతి. ఒక పేరాలో ఒక మోడల్ పేర్లు, తర్వాతి పేరాలో ఇంకోదాని పేర్లు వాడితే, మీరు అర్థం చేసుకోకుండా కాపీ చేశారని తెలిసిపోతుంది. ఏ మోడల్ ఏ వెర్షన్ వాడుతున్నారో మొదట్లోనే ఒకసారి చెప్పి, చివరిదాకా దానికే కట్టుబడండి.

రాయడం అయిపోయాక డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకుని, "లెవెల్" అన్న మాట ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఒక్కో వాక్యం పక్కన, అక్కడ ఏ రుజువు చూపించారో మార్జిన్‌లో రాయండి: రిజిస్టర్‌లోని గడి, ఫైల్ తేదీ, మేనేజర్ చెప్పిన జవాబు, ఏదో ఒకటి. మార్జిన్ ఖాళీగా మిగిలిన వాక్యాల్ని కొట్టేయండి, లేదా వాటికో రుజువు వెతికిపెట్టి అప్పుడు సబ్మిట్ చేయండి.